మొహం కంటే ఫ్లెక్సీ మెరుస్తుంటే: గంగజాతర ఫొటోలో చూపును నిలపడం ఎలా

తిరుపతి గంగజాతరలో తోటి వేషం ఫొటోలు తీసినవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకొని, వేపాకు కట్టుకొని ఎదురుగా నిలబడతాడు. కళ్లలో మంచి తీక్షణత ఉంటుంది. క్లిక్ కొట్టినప్పుడు మనకు ఆ కళ్లే కనిపిస్తాయి. ఇంటికొచ్చి స్క్రీన్ మీద చూస్తే మాత్రం మొట్టమొదట వెనకాల కట్టిన తెల్ల ఫ్లెక్సీ, దాని మీద నాయకుల నవ్వు మొహాలు, పక్కన పసుపు చొక్కా వేసుకొని ఫోన్ చూసుకుంటున్న మనిషి కనిపిస్తారు. వేషగాడు ఆ తర్వాతే.

అక్కడ నిలబడ్డప్పుడు మన మనసు అక్కరలేనివాటిని వడకట్టేస్తుంది, కెమెరా ఆ పని చేయదు. ఫొటోలో చూపు ముందుగా బాగా వెలుతురున్న చోటికి, తెలుపూ నలుపూ గట్టిగా తగిలే చోటికి, ముదురు రంగుకి, మనిషి మొహానికి, అక్షరాలకి పోతుంది. ఫ్లెక్సీలో ఇవన్నీ ఒకేచోట ఉంటాయి. పైగా మన అసలు మనిషి నల్లగా ఉన్నాడు. బైరాగి వేషం అయితే తెల్లటి పూత కాబట్టి వెనకాల కాస్త చీకటి చేస్తే మనిషి తనంతట తానే ముందుకొస్తాడు. తోటి వేషంలో ఆ సుళువు లేదు. మొహాన్ని ఫొటో మొత్తంలోకీ వెలుతురైన చోటుగా చేద్దామని పూనుకుంటే బొగ్గు బూడిదలా మారిపోతుంది, వేషమే పాడవుతుంది. అందుకే ఈ కేసునే తీసుకున్నాను. ఇది చేయగలిగితే మిగతావన్నీ తేలికే.

ఇక్కడ చెప్పే అడుగులు కంప్యూటర్‌లో లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకు సరిగ్గా సరిపోతాయి. ఫోన్‌లో చేసేవాళ్లకు చివర్లో విడిగా చెప్తాను. ఫొటో రా ఫైల్ అయితే మంచిది. జేపెగ్ అయినా చేయొచ్చు, కాకపోతే నీడల్లో వెలుతురు ఎక్కువ పెంచలేం.

ముందు దేన్నీ ముట్టుకోకుండా చూడండి

ఫొటోని స్క్రీన్ మీద తపాలా బిళ్లంత చిన్నది చేసి, కళ్లు చికిలించి చూడండి. వివరాలు పోయి వెలుతురు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రమే మిగులుతాయి. వాటిలో ముందు ఏది కంటికి తగిలిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఏది, ఆ తర్వాత ఏది అని మూడు దాకా చాలు. లైట్‌రూమ్‌లో Develop లో ఉండగా V నొక్కితే ఫొటో నలుపు తెలుపులోకి మారుతుంది, మళ్లీ నొక్కితే రంగు తిరిగొస్తుంది. రంగు తీసేశాక కూడా లాగేది వెలుతురు వల్ల లాగుతోంది. రంగు తీసేస్తే కనపడకుండా పోయేది రంగు వల్ల లాగుతోంది. ఈ రెండింటికీ మందు వేరు కాబట్టి ఈ తేడా ఇప్పుడే తెలియాలి.

మనం తీసుకున్న ఫొటోలో మనిషి మధ్యకి కాస్త కుడివైపు నిలబడ్డాడు. ఎండ కుడి పక్క నుంచి పడుతోంది, అంటే అతని మొహంలో మనకు కుడివైపు కనిపించే చెంప వెలుగులో ఉంది, ఎడమ చెంప నీడలో ఉంది. ఎడమ పైమూల ఫ్లెక్సీ. దాని కింద పసుపు చొక్కా. కుడి అంచు దగ్గర ఒక అంగడి, అందులో వెలుగుతున్న ట్యూబ్‌లైటు. V నొక్కి చూస్తే ఫ్లెక్సీ, ట్యూబ్‌లైటు అలాగే మెరుస్తున్నాయి. పసుపు చొక్కా మాత్రం మామూలు బూడిదరంగు అయిపోయి గుంపులో కలిసిపోయింది. అంటే చొక్కాని చీకటి చేయాల్సిన పని పెద్దగా లేదు, రంగు తగ్గిస్తే చాలు.

ఇంకొకటి కూడా చూసుకోండి. మౌస్‌ని ఫొటో మీద పెడితే హిస్టోగ్రామ్ కింద R G B అంకెలు శాతంలో కనిపిస్తాయి. ఫ్లెక్సీ తెలుపు మీద 95 దగ్గర ఉంది, వెలుగులో ఉన్న చెంప మీద 20 దగ్గర ఉంది. ఫ్లెక్సీని 60 దాకా దించడం, చెంపని 25 దాకా తేవడం మన పని. చెంప కంటే ఫ్లెక్సీ అప్పటికీ వెలుతురుగానే ఉంటుంది, ఫరవాలేదు. మొహంలో కంటి తెల్లగుడ్డు, నుదుటి బొట్టు, చెంప మెరుపు పక్కపక్కనే నలుపుతో తగులుతున్నాయి కదా, ఆ తగులుడే చూపును పట్టుకుంటుంది. వెనకాల తెలుపు బలం తగ్గితే చాలు, మొహం గెలుస్తుంది.

క్రాప్, లెన్స్

కత్తిరించాల్సింది ఉంటే ఇప్పుడే కత్తిరించండి. కుడి అంచులోని ట్యూబ్‌లైటు ఫ్రేమ్ లోపలికి కొంచెమే వచ్చి ఉంటే క్రాప్‌తో పోతుంది, దాని కోసం మాస్క్, అంటే మార్పు ఎక్కడ పడాలో చూపే గుర్తు, గీయనక్కర్లేదు. మన ఫొటోలో అది అలాగే పోయింది. రెండో పని, Lens Corrections లో Enable Profile Corrections పెట్టండి. చాలా లెన్సులు పెద్ద అపర్చర్‌లో మూలల్ని వాటంతట అవే కాస్త చీకటి చేస్తాయి. ఆ చీకటి సరిచేశాకే మన చీకటి మనం వేసుకోవాలి, లేకపోతే చివర్లో విన్యెట్ వేసి అంచుల్ని చీకటి చేసేటప్పటికి మూలలు రెండింతలు నల్లబడతాయి.

ఫ్లెక్సీని వెనక్కి తోయడం

చాలామంది ఇక్కడ తొందరపడి మనిషి చుట్టూ ఉన్నదంతా ఒకేసారి చీకటి చేసేస్తారు. అలా చేస్తే అప్పటికే చీకటిగా ఉన్న జనం, నేల, నీడలు అన్నీ నల్ల ముద్దయిపోతాయి, ఫ్లెక్సీ మాత్రం బూడిద రంగులో ఇంకా మెరుస్తూనే ఉంటుంది. వెనకాల ఉన్న చీకటి మనకు అడ్డం కాదు. అడ్డం వచ్చేది వెలుతురు ఒక్కటే. కాబట్టి వెలుతురుగా ఉన్న చోట్ల మీదే పని చేయాలి.

Shift+W నొక్కి మాస్కుల ప్యానెల్ తెరవండి. Brush తీసుకొని, Feather బాగా ఎక్కువ పెట్టి, ఫ్లెక్సీ మీద, దాని చుట్టుపక్కల కొంచెం దాటేలాగా ధారాళంగా రాయండి. అంచులు సరిగ్గా పట్టాలని తంటాలు పడొద్దు. మనిషి భుజం మీదకి కాస్త పడినా పడనివ్వండి. ఇప్పుడు ఆ మాస్క్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి Intersect Mask With లో Luminance Range ఎంచుకోండి. అక్కడ వచ్చే పట్టీలో ఎడమ గుర్తుని కుడివైపుకి లాగితే, మనం రాసిన జాగాలో కూడా వెలుతురుగా ఉన్న భాగాలే మాస్క్‌లో మిగులుతాయి. O నొక్కితే మాస్క్ ఎర్రగా కనిపిస్తుంది. బొగ్గు పూసిన భుజం మీద ఎరుపు పోయి, ఫ్లెక్సీ మీద మాత్రమే ఉండే దాకా లాగండి. నల్ల మనిషి, తెల్ల వెనకాల అనే ఇబ్బంది ఇక్కడ మనకే ఉపయోగపడింది. ఇద్దరి మధ్య వెలుతురు తేడా అంత ఉంది కాబట్టే మాస్క్ ఇంత శుభ్రంగా విడిపోతుంది. ఆ పట్టీలో ఎడమ చివర వాలుగా ఉన్న భాగాన్ని కొంచెం వెడల్పు చేస్తే మాస్క్ అంచు మెత్తబడుతుంది. అది మరచిపోకండి, లేకపోతే అంచులు రంపంతో కోసినట్టు వస్తాయి.

ఇప్పుడు Highlights ని −40 దాకా దించండి, తర్వాత Exposure ని మెల్లగా −1.2 దాకా. ఫ్లెక్సీ మీద అంకె చూస్తూ ఉండండి, 60 ప్రాంతంలో ఆగండి. ఒక్క Exposure తోనే లాగితే ఫ్లెక్సీ మీది ఎరుపు, నీలం మరీ చిక్కబడి కొత్త తలనొప్పి మొదలవుతుంది. అందుకని Saturation −30 కూడా పెట్టండి. అక్షరాలు ఇంకా లాగుతుంటే Clarity ని −20 చేస్తే అక్షరాల గీతలు మెత్తబడతాయి. ఫ్లెక్సీ మీద ఎవరి మొహం ఉంది, ఏం రాసుంది అన్నది జాగ్రత్తగా చూస్తేనే తెలియాలి, కానీ తెలియాలి. మొత్తం మాయం చేస్తే అది తిరుపతి వీధిలా ఉండదు, ఏ స్టూడియో తెరో అనిపిస్తుంది.

ఒక హద్దు ఉంది. J నొక్కితే పూర్తిగా ఎగిరిపోయిన తెలుపు ఎర్రగా కనిపిస్తుంది. ఫ్లెక్సీలో ఆ ఎరుపు ఎక్కువ ఉంటే అక్కడ వివరమే లేదు. ఎంత దించినా తెలుపు పోయి సున్నం కొట్టిన గోడలా చప్పటి బూడిద రంగు వస్తుంది తప్ప ఇంకేమీ రాదు. అలాంటి చోట Exposure −0.5 దగ్గరే ఆపి, Temp ని కాస్త పసుపువైపు జరపండి. వెచ్చటి లేత రంగు ఎండ పడినట్టు ఉంటుంది, చచ్చిన బూడిదలా ఉండదు. అదీ కుదరకపోతే క్రాప్ ఇంకొంచెం బిగించడమే దారి.

పసుపు చొక్కాకి వేరే మాస్క్. Brush తో చొక్కా మీద రాసి Saturation −40, Exposure −0.3. అంతే. V నొక్కి చూసినప్పుడు తెలిసిందే కదా, దాని గొడవంతా రంగే.

మనిషి చుట్టూ తెల్ల గీత వచ్చిందా

ఇది అందరికీ వచ్చే జబ్బు. వెనకాల చీకటి చేశాక మనిషి జుట్టు చుట్టూ, భుజాల చుట్టూ సన్నటి వెలుతురు గీత మిగిలిపోతుంది. దూరం నుంచి చూస్తే మనిషిని కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. మాస్క్ అంచు మనిషి అంచు దాకా రాకుండా కొంచెం ముందే ఆగిపోవడం దీనికి కారణం.

ఫొటోని 100 శాతానికి పెంచి, భుజం నుంచి తల చుట్టూ అవతలి భుజం దాకా నిదానంగా జరుపుకుంటూ చూడండి. గీత కనిపించిన చోట ఆ ఫ్లెక్సీ మాస్క్‌లోకి వెళ్లి, Luminance Range లో ఎడమ గుర్తుని కాస్త వెనక్కి జరపండి. మాస్క్ కొంచెం పాకి అంచుని అందుకుంటుంది. దానితో మనిషి అంచు కూడా పిసరంత చీకటి అవుతుంది, అది నష్టం కాదు. నిజంగా వెలుతురు లేని చోట నిలబడ్డ మనిషి అంచు కూడా అలాగే ఉంటుంది. Auto Mask పెట్టి అంచు వెంబడి రాయడం నాకు నచ్చదు. జుట్టు దగ్గర, వేపాకుల మధ్య అది చుక్కలు చుక్కలుగా వదిలేస్తుంది, 100 శాతంలో చూస్తే చికాకు. వేపాకు రెమ్మల సందుల్లో ఫ్లెక్సీ తెలుపు తొంగిచూస్తుంటే వాటిని చిన్న బ్రష్‌తో విడిగా దించండి. ఆ పనికి ఓపిక కావాలి, కానీ ఈ ఫొటోలో దానికి ఫలితం బాగా ఉంటుంది.

అయినా గీత పోకపోతే మీరు మరీ ఎక్కువ దించేశారని అర్థం. −1.2 ని −0.8 కి తెచ్చి చూడండి.

మొహం దగ్గర పని

పాత స్టూడియోల డార్క్‌రూముల్లో ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టి, తీగకి అంటించిన చిన్న అట్టముక్కని ఆడిస్తూ కొంత చోట వెలుతురు అడ్డుకునేవాళ్లు. ప్రింట్‌లో ఆ చోటు తేలికగా వచ్చేది. అది డాడ్జింగ్. అట్టకి బొక్క పెట్టి ఒక్క చోటికే ఇంకాసేపు వెలుతురు ఇస్తే ఆ చోటు ముదురుగా వచ్చేది. అది బర్నింగ్. అట్టని ఒకచోట ఆపకుండా ఆడిస్తూనే ఉండాలి, ఆపితే ప్రింట్ మీద అంచు పడిపోతుంది. ఇప్పుడు మనం బ్రష్ Flow తక్కువ పెట్టుకొని మెల్లమెల్లగా రాసేది కూడా అందుకే.

మొహానికి రెండు మాస్కులు, కళ్లకి ఒక చిన్నది చాలు. మొదటిది వెలుతురు పెంచేది. కొత్త Brush, Feather 100, Flow 15, Exposure +0.7. మొహం మొత్తం మీద రాయకండి. ఎండ పడుతున్న చెంప ఎముక, నుదుటి కుడివైపు, ముక్కు గీత, కింది పెదవి, గడ్డం మీద వెలుతురు తగిలిన చోటు, అంటే ఇప్పటికే కాస్త వెలుగు ఉన్న చోట్ల మీదే రాయండి. Flow 15 కాబట్టి ఒకసారి రాస్తే దాదాపు ఏమీ తెలియదు, మూడు నాలుగుసార్లు పోతే తెలుస్తుంది. చెంప మీద అంకె 25 దగ్గరకొస్తే ఆపండి. 35, 40 దాకా పోతే బొగ్గు నలుపు పోయి సిమెంటు పూసుకున్నట్టు అవుతుంది. బొగ్గుపొడి పూతలో చెమట పట్టిన చోట చిన్న మెరుపు ఉంటుంది, అదే ఆ నలుపుకి ప్రాణం. ఆ మెరుపుల మీద చిన్న బ్రష్‌తో ఇంకో రెండుసార్లు రాయండి, చుట్టూ ఉన్న నలుపుని వదిలేయండి. నలుపు నలుపుగానే ఉండి మెరుపు పెరిగితే మొహం ఆకారం తేలుతుంది.

కళ్లకి విడిగా ఒక చిన్న మాస్క్. Exposure +0.3 మించొద్దు. తెల్లగుడ్డు మీద అంత రాయాల్సిన పని కూడా లేదు, నల్ల మొహంలో అది అప్పటికే మెరుస్తోంది. కనుపాప కింది సగం మీద మాత్రం కాస్త రాయండి. కళ్లని బల్బుల్లా వెలిగించిన ఫొటోలు పెళ్లి ఆల్బముల్లో చాలా చూస్తాం. జాతరలో అలా చేస్తే మనిషి భక్తి పోయి భయం మిగులుతుంది.

రెండోది చీకటి చేసేది. Brush, Flow 15, Exposure −0.5. ఎడమ చెంప నీడలో మెడవైపు, దవడ కింద, కళ్ల గుంతల పైన, జుట్టు మొదట్లో రాయండి. ఉన్న నీడనే కొంచెం ముదురు చేస్తున్నాం, కొత్త నీడ కనిపెట్టడం లేదు. ఎండ కుడి నుంచి పడుతుంటే కుడి చెంప మీద నీడ పెట్టకూడదు. చూసేవాళ్లకి ఎందుకో చెప్పడం రాకపోయినా ఏదో తేడాగా ఉందని వెంటనే అనిపిస్తుంది. వేపాకు దండలో కూడా పొట్ట దగ్గరి ఆకుల్ని కాస్త దించితే చూపు కిందికి జారకుండా పైకి మొహానికి వస్తుంది. చేతులు, మొలకి కట్టుకున్న బట్ట వెలుతురుగా ఉంటే వాటినీ అలాగే కాస్త దించండి.

జేపెగ్ ఫైల్ మీద పని చేసేవాళ్లు నీడలో ఉన్న చెంపని పైకి లేపాలని చూడొద్దు. అక్కడ సమాచారం తక్కువ, లేపగానే రంగు చుక్కలు, మచ్చలు తేలుతాయి. బొగ్గు మీద ఎర్ర, పచ్చ మచ్చలు ఇట్టే తెలిసిపోతాయి.

ఇదంతా అయ్యాక స్క్రీన్ ముందు నుంచి లేచి, కాసేపు వేరే పని చూసుకొని వచ్చి కూర్చోండి. కన్ను అలవాటు పడిపోతే మనం ఎంత లాగామో మనకే తెలియదు. తిరిగొచ్చాక \ నొక్కి ముందు, తర్వాత చూసుకోండి. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే ఎక్కువైంది. ప్రతి మాస్క్‌కీ Amount అనే ఒక స్లైడర్ ఉంటుంది, దాన్ని 100 నుంచి 70కి తెస్తే ఆ మాస్క్‌లోని మార్పులన్నీ ఒకే వాటంగా తగ్గుతాయి. మాస్క్ మళ్లీ గీయనక్కర్లేదు.

విన్యెట్ చివర్లో, అదీ కొంచెమే

చాలామంది మొదట చేసేదాన్ని నేను చివరికి పెట్టాను. ఫ్లెక్సీ ఫ్లెక్సీలా మెరుస్తుండగా మూలలు చీకటి చేస్తే ఏమవుతుందంటే, ఫ్లెక్సీ సగం మూలలో ఉంది కాబట్టి సగం దిగుతుంది, లోపలి సగం ఇంకా వెలుగుతూ మరింత తెలుస్తుంది. అడ్డం వచ్చేవి ముందు పోతే, విన్యెట్ మీద పెద్ద బరువు పడదు.

Effects లో ఉండే Post-Crop Vignetting ఎప్పుడూ క్రాప్ నడిమధ్యనే కేంద్రంగా పెట్టుకుంటుంది. మన మనిషి మధ్యలో లేడు, కాస్త కుడివైపు ఉన్నాడు. కాబట్టి మధ్యనున్న ఖాళీ నేల వెలుగుతుంది, అతని కుడి భుజం చీకట్లోకి పోతుంది. మనిషి నడిమధ్యన ఉన్న పోర్ట్రెయిట్‌కే అది సరిపోతుంది. ఇలాంటివాటికి Shift+M నొక్కి Radial Gradient తీసుకోండి. మొహం కేంద్రంగా, నడుము దాకా వచ్చేలా నిలువు గుడ్డు ఆకారం గీయండి. Invert చేస్తే మార్పు గుడ్డు బయట పడుతుంది. Feather 80 నుంచి 100. Exposure −0.4. ఎండ కుడి నుంచి వస్తోంది కాబట్టి గుడ్డుని కుడివైపుకి కొంచెం పెద్దది చేసి జరపండి. కుడి అంచు తక్కువగా, ఎడమ అంచు ఎక్కువగా చీకటి అవుతుంది, వెలుతురు వచ్చే తీరుకి పొంతన కుదురుతుంది. నాలుగు మూలలూ సమానంగా నల్లబడితే అది విన్యెట్ అని పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది.

సరిపోయిందో లేదో చూడటానికి ఒక పద్ధతి. మాస్క్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి ఆపండి, మళ్లీ పెట్టండి. ఆపినప్పుడు ఫొటో కాస్త చెల్లాచెదురుగా అనిపించాలి, పెట్టినప్పుడు మూలలు చీకటి అయ్యాయన్న సంగతి గుర్తుకు రాకూడదు. మూలలే గుర్తొస్తుంటే −0.4 ని −0.25 చేయండి.

ఆకాశం ఉన్న ఫొటోల్లో, అంటే ఊరేగింపుని పైనుంచి తీసినవాటిలో, విన్యెట్ వల్ల ఆకాశంలో పట్టీలు పట్టీలుగా మెట్లు కనిపించొచ్చు. నునుపైన రంగుని దించినప్పుడు జేపెగ్‌లో ఇది మామూలే. Grain ని 10 దాకా పెడితే మెట్లు కలిసిపోతాయి.

ఫోన్‌లో చేసేవాళ్లకు

స్నాప్‌సీడ్ చాలు, డబ్బు కట్టనక్కర్లేదు. వెర్షన్‌ని బట్టి బటన్ల చోటు మారొచ్చు, పని మాత్రం ఇదే. ముందు Tune Image తో Highlights, Brightness దించి ఫొటో మొత్తాన్ని ఫ్లెక్సీకి తగ్గట్టు చీకటి చేయండి, మొహం సంగతి అప్పుడు పట్టించుకోవద్దు. తర్వాత View edits లోకి వెళ్లి ఆ అడుగుని నొక్కి బ్రష్ గుర్తు ఎంచుకోండి. ఇప్పుడు వేలితో ఫ్లెక్సీ మీద రాస్తే ఆ చీకటి అక్కడ మాత్రమే పడుతుంది. అంచుల దగ్గర ఫొటోని బాగా పెద్దది చేసుకొని రాయండి, పెద్దది చేసేకొద్దీ బ్రష్ చిన్నది అవుతుంది. మొహానికి Brush లో Dodge & Burn, విలువ 5 దగ్గర పెట్టి వెలుగు ఉన్న చోట్ల తేలికగా, −5 పెట్టి నీడల్లో. 10 జోలికి పోవద్దు. Vignette లో మధ్య చుక్కని మొహం మీదకి జరపొచ్చు కాబట్టి కేంద్రం సమస్య ఇక్కడ రాదు. Inner Brightness ని సున్నాలోనే ఉంచి Outer Brightness ని కొంచెం దించండి.

ఫోన్ స్క్రీన్ బ్రైట్‌నెస్ ఆటోలో ఉంటే అది తీసేసి సగం దగ్గర ఆపి పెట్టుకోండి. రాత్రి లైటు ఆపుకొని ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఎడిట్ చేస్తే పొద్దున ఎండలో చూసినప్పుడు ఫొటో బొగ్గుల కుంపటిలా ఉంటుంది.

ఎంత వరకు దించొచ్చు

ఇంట్లో పెట్టుకోవడానికైతే మీ ఇష్టం. పత్రికకో పోటీకో పంపేటప్పుడు మాత్రం ముందు వాళ్ల నిబంధనలు చదవండి. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి ముందు రౌండుకి వచ్చిన ఫొటోల్లో దాదాపు 20 శాతాన్ని మార్పులు చేశారన్న కారణంతో పక్కన పెట్టారు. కొన్ని భాగాల్లో ఉన్న వివరమంతా కనపడకుండా పోయేంత నల్లగా చేయడం కూడా ఆ కారణాల్లో ఉంది. ఈ లెక్క మన జాతర ఫొటోకి కూడా పనికొస్తుంది. ఫ్లెక్సీ వెనక్కి పోవచ్చు, పసుపు చొక్కా రంగు తగ్గొచ్చు, కానీ ఆ మనిషి అక్కడ నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడన్న సంగతి ఫొటోలో ఉండాలి. మాస్కులన్నీ అయ్యాక వెనకాల ప్రతి మనిషినీ లెక్కపెట్టగలిగితే మీరు హద్దులోనే ఉన్నారు.

ప్రింట్, వాట్సాప్

స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. అందుకని ఇలా చీకటి ఎక్కువున్న ఫొటోలు ప్రింట్‌లో ఇంకా చీకటిగా వస్తాయి. ల్యాబ్‌కి ఇచ్చే కాపీలో మొత్తం Exposure ని +0.2 నుంచి +0.3 పెంచి, sRGB జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ముందు చిన్న సైజులో ఒక్క ప్రింట్ వేయించి, ల్యాబ్‌లోని ట్యూబ్‌లైట్ కింద కాకుండా బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. బొగ్గు చెంప మీద మెరుపు కనిపిస్తుంటే పెద్దది వేయించొచ్చు. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు ఫొటో చూడగానే "డార్క్ ఉందన్నా, కొంచెం లైట్ పెంచమంటావా?" అని అడుగుతాడు, కొన్నిసార్లు అడగకుండానే పెంచేస్తాడు. మొత్తం ఫొటో పెంచితే ఫ్లెక్సీ మళ్లీ లేస్తుంది, చేసిన పనంతా పోతుంది. ఫైల్ ఇచ్చేటప్పుడే "కరెక్షన్ ఏమీ వద్దు, ఉన్నదున్నట్టు వెయ్యి తమ్ముడూ" అని చెప్పండి, కవర్ మీద కూడా రాయించండి.

వేషం వేసిన మనిషికి ఫొటో పంపుతారు కదా, వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫైల్‌ని నొక్కేసి, చీకటి భాగాల్లో గళ్లు గళ్లుగా చేస్తుంది. అటాచ్‌మెంట్‌లో డాక్యుమెంట్ అని ఎంచుకొని పంపండి. స్టేటస్‌లో పెట్టుకోవడానికి కావాలంటే ఇంకో కాపీలో విన్యెట్ మాస్క్ Amount ని సగానికి తగ్గించి ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ కాపీలో గళ్లు తక్కువ పడతాయి.